పాస్‌వర్డ్‌ల ప్రక్షాళన: ముందు జీమెయిల్, తర్వాతే బ్యాంకు

పర్లాకిమిడి, రాయగడ వైపు చాలా ఇళ్లలో ఒక ఆంధ్రా సిమ్ము, ఒక ఒడిశా సిమ్ము ఉంటాయి. ఇంట్లో పాస్‌వర్డ్‌లన్నీ మార్చే నెల రోజుల పని ఆ నంబర్ల దగ్గరే మొదలుపెట్టండి. బ్యాంకు కంటే జీమెయిల్ ముందు, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులు ఎక్కువగా దానికే వస్తాయి.

మొదటి రోజే గూగుల్ ఖాతాలో Security తెరిచి Recovery phone, అంటే పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వచ్చే నంబరు, చూడండి. రీచార్జి మానేసిన నంబరుంటే మార్చేయండి. అది కొన్నాళ్లకు వేరేవాళ్లకి వెళ్తుంది, మీ కోడూ వాళ్లకే పోతుంది. మార్చాక కూడా 7 రోజుల దాకా గూగుల్ పాత నంబరుకు కోడ్ పంపే వీలుంది. అందుకే మొదటి వారమంతా ఇంటిల్లిపాది మెయిళ్లకే. నంబరు సరిచేశాక ఆ వారంలోనే కొత్త పాస్‌వర్డ్, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడిగే 2-Step Verification, ఫోన్ చేతిలో లేనప్పుడు వాడే Backup codes. ఈ కోడ్‌లు పది వస్తాయి, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్‌లో ఫొటో దండగ, ఫోన్ పోయినప్పుడేగా వాటితో పని!

రెండో వారం బ్యాంకు, యూపీఐ. నంబరు మార్చడానికి బ్రాంచికి వెళ్లాల్సి రావచ్చు, అంతవరకు పాత సిమ్ముకు రీచార్జి ఆపకండి. మూడో వారం ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు, డిజీలాకర్. షాపింగ్ యాప్‌లు చివర్లో చూసుకోవచ్చు.