యాడ్స్ పాఠాలు – 3: కొత్త క్లయింట్‌కు పంపే ప్రశ్నాపత్రం

గత రెండు పాఠాల్లో మెటా యాడ్ అకౌంట్ నిర్మాణం, పిక్సెల్ అమరిక చూశాం. ఈ పాఠంలో క్యాంపెయిన్ జోలికి పోవడం లేదు. క్లయింట్ సరేనన్న రోజుకూ మొదటి యాడ్ లైవ్ అయ్యే రోజుకూ మధ్య ఏమేం రాబట్టాలి, ఎలా అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది అన్నదే ఇవాళ్టి పాఠం.

ప్రశ్న రాసేటప్పుడు ఒకటే కొలత పెట్టుకోండి: దీని జవాబును అకౌంట్‌లో ఎక్కడ వాడతాను? చెప్పలేకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి. "మీ బ్రాండ్ ఒక మనిషైతే ఎలా ఉంటారు?" లాంటివి పెట్టి నలభై ప్రశ్నల ఫారం పంపితే క్లయింట్ సగంలో ఆపేస్తారు. ఖర్చుల ప్రశ్నలు సాధారణంగా ఆ ఆగిపోయిన సగంలోనే ఉంటాయి.

ఉదాహరణకు మంగళగిరి కాటన్ చీరలు అమ్మే చిన్న ఆన్‌లైన్ షాపును తీసుకుందాం. చీర ధర ₹2,100, జీఎస్టీ కలిపి. సొంత వెబ్‌సైట్ ఉంది, క్యాష్ ఆన్ డెలివరీ, అంటే సీఓడీ, ఉంది. యాడ్స్ ఇదివరకు వేరేవాళ్లు నడిపారు.

లక్ష్యం

"మీ లక్ష్యం ఏంటి?" అని అడిగితే "సేల్స్ పెరగాలండీ" అంటారు. అది జవాబు కాదు, కానీ అలా అడిగితే అంతకు మించి రాదు. దాని బదులు ఇలా అడగండి: "నెలకు ఎన్ని చీరలు ప్యాక్ చేసి పంపగలరు? ఒక్కో డిజైన్‌లో ఎన్ని పీసులుంటాయి? యాడ్స్ మీద నెలకు గరిష్ఠంగా ఎంత పెట్టగలరు?"

పీసుల ప్రశ్న ఎందుకంటే, చేనేతలో ఒక్కో రంగు రెండో మూడో ఉంటాయి. బాగా ఆడుతున్న యాడ్‌లోని చీర రెండో రోజుకే అయిపోతుంది. క్లిక్కులకు డబ్బు పోతూనే ఉంటుంది, వచ్చినవాళ్లకు "అవుట్ ఆఫ్ స్టాక్" కనిపిస్తుంది. ఇలాంటి షాపుకు ఒక్క చీరను చూపించే యాడ్ కంటే కేటలాగ్ యాడ్ నయం. ఆ నిర్ణయం ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

బడ్జెట్ జవాబు కూడా నేరుగా అకౌంట్ నిర్మాణంలోకి వెళ్తుంది. మెటాలో ఒక యాడ్ సెట్, ఎవరికి చూపిస్తే కొంటారో నేర్చుకునే లర్నింగ్ దశ దాటాలంటే వారానికి సుమారు 50 కొనుగోళ్లు రావాలి. షాపువారు నెలకు ₹60,000 పెడతామన్నారు, ఆర్డర్‌కు ₹500 పడుతుందనుకుందాం. అంటే నెలకు 120 ఆర్డర్లు, వారానికి 28. ఒక్క యాడ్ సెట్‌కే చాలని సంఖ్య ఇది. అలాంటప్పుడు హైదరాబాద్‌కు ఒకటి, విజయవాడకు ఒకటి, బెంగళూరుకు ఒకటి అని యాడ్ సెట్లు విడగొడితే ఏదీ నేర్చుకోదు.

మార్జిన్

అసలు పాఠం ఇదే. మార్జిన్ ఎంతని అడిగితే చాలామంది కొన్న ధరకూ అమ్మే ధరకూ తేడా చెబుతారు. మన షాపువారు చీర ₹1,050కి తెచ్చి ₹2,100కి అమ్ముతారు కాబట్టి "50 శాతం" అంటారు. ఆ లెక్కన ₹1 యాడ్‌కు ₹2 అమ్మకం వస్తే నష్టం లేదనిపిస్తుంది. అక్కడే మునుగుతారు.

అందుకే శాతం అడగొద్దు. ఒక్క చీర పట్టుకుని ఒక్కో ఖర్చు రూపాయల్లో అడగండి. జవాబులు ఇలా వచ్చాయనుకుందాం:

```
అమ్మకం ధర                       2,100
జీఎస్టీ 5%                      -  100
చీర కొన్న ధర                    -1,050
ప్యాకింగ్                       -   30
కొరియర్                         -   90
సీఓడీ ఛార్జి / గేట్‌వే ఫీజు       -   40
--------------------------------------
చేరిన ఒక్కో ఆర్డర్‌పై మిగిలేది       790
```

ఇక్కడితో ఆగితే లెక్క సగమే అయినట్టు. తర్వాతి ప్రశ్న: "వంద ఆర్డర్లలో సీఓడీ ఎన్ని? వాటిలో ఎన్ని తిరిగొస్తున్నాయి?" నోటిమాటగా "ఓ పదో పరకో" అంటారు. ఒప్పుకోవద్దు, తిరిగొచ్చిన పార్శిళ్ల లెక్క చూపే ఆర్‌టీఓ రిపోర్ట్‌ను కొరియర్ ప్యానెల్ నుంచి అడగండి. గడిచిన నెలది కాకుండా అంతకు ముందు నెలది తీసుకోండి. గడిచిన నెల పార్శిళ్లు కొన్ని ఇంకా దారిలోనే ఉంటాయి, తిరిగొచ్చినవి తక్కువగా కనిపిస్తాయి.

రిపోర్ట్ ప్రకారం వందలో 60 సీఓడీ, అందులో నాలుగో వంతు వెనక్కి వచ్చాయనుకుందాం. అంటే 15 చీరలు. వాటికి పోను కొరియర్ ₹90, రాను ₹90, ప్యాకింగ్ ₹30 వృథా. తిరిగొచ్చిన పార్శిల్‌కు సీఓడీ ఛార్జి వెనక్కి ఇస్తున్నారా అన్నది కొరియర్ బిల్లులో చూసుకోవాలి. ఇస్తున్నారనే ఇక్కడ లెక్క వేస్తున్నాం.

```
చేరినవి:          85 × 790 = 67,150
తిరిగొచ్చినవి:     15 × 210 =  3,150
మిగిలేది:                    64,000
ఒక్కో ఆర్డర్‌కు:               640
```

ఒక ఆర్డర్ తేవడానికి ₹640 దాకా ఖర్చుపెడితే లాభం లేదు, నష్టం లేదు. మెటా మాత్రం ఆర్డర్ పెట్టగానే ₹2,100 అమ్మకం అని రాసుకుంటుంది, పార్శిల్ తిరిగొచ్చిందో లేదో దానికి తెలియదు. రోయాస్ అంటే యాడ్ మీద పెట్టిన ఒక్కో రూపాయికి వచ్చిన అమ్మకం. కాబట్టి స్క్రీన్ మీద కనిపించాల్సిన కనీస రోయాస్ 2,100 ÷ 640, అంటే సుమారు 3.3. షాపువారు అనుకున్నది 2. రోయాస్ 3 వచ్చిన నెలలో ఆర్డర్‌కు ₹700 పడుతుంది. డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంటుంది, ప్రతి ఆర్డర్‌కూ ₹60 పోతుంది. మూడు నెలల తర్వాత "బ్యాంకులో డబ్బు కనిపించట్లేదేంటండీ" అన్న ఫోన్ ఇక్కడి నుంచే వస్తుంది.

ఇంకో చిన్న ప్రశ్న ఉంది, చాలామంది మర్చిపోతారు: "జీఎస్టీ మామూలు రిజిస్ట్రేషనా, కాంపోజిషనా?" యాడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మామూలు రిజిస్ట్రేషన్ ఉండి, యాడ్ అకౌంట్‌లో జీఎస్టీ నంబర్ ఎక్కిస్తే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. కాంపోజిషన్‌లో ఉంటే రాదు, పట్టికలోని 5% జీఎస్టీ వరుస కూడా మారుతుంది కాబట్టి హద్దు మళ్లీ లెక్కేయాలి. మామూలు రిజిస్ట్రేషన్ ఉండీ నంబర్ ఎక్కించకపోతే ₹640 హద్దు యాడ్స్ మేనేజర్‌లో కనిపించే అంకెల్లో ₹542కు దిగుతుంది, ఎందుకంటే అక్కడ చూపించే ఖర్చులో జీఎస్టీ ఉండదు.

ఎక్స్ఛేంజీలు, చిరుగులు, ఉచిత ఫాల్స్ కుట్టడం లాంటివి ఉంటే అవీ ఇదే పట్టికలో చేరతాయి. అద్దె, జీతాలు మాత్రం చేర్చకండి, అవి ఆర్డర్ వచ్చినా రాకపోయినా ఉండే ఖర్చులు. వాటి కోసమే ₹640 హద్దయితే ₹500 లక్ష్యం పెట్టుకుంటాం.

పాత డేటా

మాటల్లో అడగొద్దు, ఫైళ్లు అడగండి. షాపు నుంచి 12 నెలల ఆర్డర్లు, స్టేటస్‌తో సహా. యాడ్ అకౌంట్ నుంచి నెలవారీ ఖర్చు, కొనుగోళ్లు. ఏడాది మొత్తం ఎందుకంటే ఈ వ్యాపారానికి రుతువులున్నాయి. ఆషాఢం డిస్కౌంట్లు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, దసరా, పెళ్లిముహూర్తాలు – వీటిలో ఏ నెల అంకెలు చూపించి ఏ నెలకు లక్ష్యం పెట్టారన్నది తెలియాలి. శ్రావణం రోయాస్ చూపించి మూఢంలో అదే కావాలంటే ఎవరి వల్లా కాదు.

ఫైళ్లు రాగానే ఒక పరీక్ష చేయండి. ఒక నెలలో యాడ్స్ మేనేజర్ చూపించే కొనుగోళ్లనూ షాపులో నిజంగా పడ్డ ఆర్డర్లనూ పక్కపక్కన పెట్టండి. షాపులో 110 ఆర్డర్లుంటే మెటా ఒక్కటే 170 తెచ్చానంటోందనుకోండి, లెక్క రెండుసార్లు పడుతున్నట్టే. కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. బ్రౌజర్ పిక్సెల్, సర్వర్ నుంచి ఈవెంట్లు పంపే కన్వర్షన్స్ ఏపీఐ రెండూ `Purchase` పంపుతున్నాయి కానీ రెండిట్లోనూ ఒకే `event_id` లేదు. లేదా థాంక్యూ పేజీని రిఫ్రెష్ చేసినప్పుడల్లా ఈవెంట్ మళ్లీ వెళ్తోంది. ఏదైనా సరే, అది సరిచేసేదాకా పాత రోయాస్‌తో పోల్చి ఏ మాటా ఇవ్వకండి. మీరు సరిచేసిన మర్నాడు రోయాస్ పడిపోయినట్టు కనిపిస్తుంది, నింద మీమీదికొస్తుంది. క్లయింట్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పండి.

రోజువారీగా పోల్చబోకండి. మెటా కొనుగోలును యాడ్ నొక్కిన రోజు ఖాతాలో వేస్తుంది, షాపు ఆర్డర్ పడ్డ రోజున వేస్తుంది. రోజులు కలవవు, నెలలు దగ్గరగా వస్తాయి.

యాక్సెస్

పాస్‌వర్డ్ అడగొద్దు, వాట్సాప్‌లో పంపినా వాడొద్దు. అడగాల్సింది: "యాడ్ అకౌంట్, పేజీ, పిక్సెల్ ఎవరి బిజినెస్ పోర్ట్‌ఫోలియోలో ఉన్నాయి? కార్డు ఎవరిది?"

మెటాలో క్లయింట్ తన పోర్ట్‌ఫోలియో నుంచి మీ బిజినెస్ ఐడీకి పార్ట్‌నర్ యాక్సెస్ ఇస్తారు. యాడ్ అకౌంట్, పేజీ, ఇన్‌స్టాగ్రామ్, పిక్సెల్ ఉండే డేటాసెట్, కేటలాగ్ – ఐదూ విడివిడిగా టిక్ పెట్టాలి. కేటలాగ్ మర్చిపోవడం మామూలు, యాడ్ తయారుచేసే రోజు బయటపడుతుంది. గూగుల్ యాడ్స్‌లో క్లయింట్ పది అంకెల కస్టమర్ ఐడీ ఇస్తే మీ మేనేజర్ అకౌంట్ నుంచి రిక్వెస్ట్ పంపుతారు, వాళ్లు ఒప్పుకుంటారు.

పాత ఏజెన్సీ తన పోర్ట్‌ఫోలియోలోనే అకౌంట్ తెరిచి ఉంటే చిక్కే. అలా పుట్టిన మెటా యాడ్ అకౌంట్‌ను ఇంకో పోర్ట్‌ఫోలియోకు బదిలీ చేయడం కుదరదు. క్లయింట్ పేరున కొత్తది తెరవాలి. పాత అకౌంట్ మూతపడకముందే రిపోర్టులు దించుకోవాలి. అకౌంట్ ఎవరి పోర్ట్‌ఫోలియోలో ఉందన్న ప్రశ్న మొదటి రోజే అడగడానికి కారణం ఇదే.

ఆమోదాలు

"యాడ్‌కు ఎవరు ఓకే చెప్పాలి?" అంటే "మేమంతా చూస్తాం" అంటారు. ఒక్క పేరు, ఒక్క నంబర్ రాయించుకోండి. ఆ మనిషి ఊళ్లో లేకపోతే బదులుగా ఎవరో కూడా. ఎన్ని గంటల్లో జవాబిస్తారు, ఇవ్వకపోతే యాడ్ ఆపాలా వేయాలా అన్నది ముందే తేల్చుకోండి. బడ్జెట్‌ను అడగకుండా ఎంతవరకు మార్చవచ్చో కూడా రాయించండి, 20 శాతం అనుకుంటే ఇద్దరికీ సుఖం. ఫోన్‌లో "సరే కానివ్వండి" అన్నా, ఒక మెసేజ్‌లో మళ్లీ అడిగి ఓకే తీసుకోండి.

చేనేత షాపుకు ప్రత్యేకంగా మరొకటి: యాడ్‌లో వాడే మాటలకు ఆధారం. "చేనేత" అని రాస్తే నిజంగా మగ్గం మీద నేసిందేనా, పవర్‌లూమ్ సరుకు కలిసి ఉందా? మంగళగిరి చీరలకు జీఐ గుర్తింపు ఉంది, వేరేచోట నేసినదానికి ఆ పేరు పెట్టకూడదు. పట్టు చీరలుంటే సిల్క్ మార్క్ ట్యాగ్ ఉందా? మోడల్ ఫోటోలు, కస్టమర్ వీడియోలు యాడ్‌లో వాడుకోవడానికి ఒప్పుకున్నారా? పేజీలో పెట్టుకోవడానికి ఒప్పుకోవడం వేరు, డబ్బులిచ్చి ప్రచారం చేయడానికి ఒప్పుకోవడం వేరు.

అభ్యాసం

ధర ₹1,050 (5% జీఎస్టీ కలిపి), కొన్న ధర ₹520, ప్యాకింగ్ ₹25, కొరియర్ ఒక్కో వైపు ₹80, చెల్లింపు ఛార్జి ₹25. వందలో 80 సీఓడీ, వాటిలో 30 శాతం వెనక్కి. ఒక్కో ఆర్డర్‌కు హద్దు, కనీస రోయాస్ కనుక్కోండి. మీకు సుమారు ₹222, 4.7 రావాలి. ₹350 వస్తే తిరిగొచ్చిన పార్శిళ్లను వదిలేశారు. తర్వాత సీఓడీని 50కి తగ్గించి, వెనక్కొచ్చే శాతం అదే ఉంచి మళ్లీ చేయండి. ఆ రెండో అంకెతో నాలుగో పాఠంలో మొదటి క్యాంపెయిన్ బడ్జెట్ వేస్తాం.