టూర్ రిపోర్టు దిద్దాక ఏం అడగాలి? చూసిందీ ఊహించిందీ పిల్లలచేత విడదీయించడం ఎలా?

గండికోట చూసొచ్చిన హైస్కూలు పిల్లల రిపోర్టులు తెరిస్తే ఇలాంటి వాక్యం ఒకటి తగలక మానదు: "పెన్నా నది వేల సంవత్సరాలు ప్రవహించి, ఎర్రటి రాతిని కోసి ఈ లోయను చేసిందని మేము చూశాము." చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ రోజు అంచున నిలబడ్డ ఎవరికీ నది రాయిని కోస్తూ కనపడి ఉండదు. వాళ్లు చూసింది ఎర్రటి రాతి గోడలు, అడుగున నీళ్లు. మిగతాదాంట్లో కొంత సొంతంగా ఊహించింది, కొంత ఎవరో చెబితే విన్నది. వీటిని పిల్లలే విడదీసేలా ప్రశ్నలు ఎలా వేయాలో చూద్దాం.

ముందు వాక్యాలు ఏరండి

"పరిశీలనకూ ఊహకూ తేడా రాయుము" అని అడిగితే నిర్వచనం బట్టీపట్టి రాసేస్తారు, అక్కడితో సరి. దానికి బదులు వాళ్ల రిపోర్టుల్లోంచే ఐదారు వాక్యాలు, పేర్లు లేకుండా, బోర్డు మీద రాయండి. "అందువల్ల", "ఒకప్పుడు", "కోసం" అనే మాటలున్న వాక్యాల్లో ఊహ ఉండే అవకాశం ఎక్కువ. "పాత గోడ" అన్నదాంట్లో "పాత" కూడా ఊహే. కనపడింది గార రాలిన గోడ, రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డి. ఏ పేచీ లేని పరిశీలన కూడా ఒకటి కలపండి. లేకపోతే బోర్డు మీదున్నవన్నీ తప్పులే అనుకుంటారు.

ఇదంతా వెళ్లొచ్చిన ఒకట్రెండు రోజుల్లోనే జరగాలి. వారం దాటితే చూసిందీ, బస్సులో అనుకున్నదీ కలిసిపోతాయి.

వాక్యాన్ని ముక్కలు చేయించండి

ఒక వాక్యం మొత్తాన్ని "ఇది పరిశీలన", "ఇది ఊహ" అని ఒక గంపలో వేయమనడం దగ్గరే చాలామంది టీచర్లు తప్పటడుగు వేస్తారు. ఒకే వాక్యంలో చూసిందీ, విన్నదీ, ఊహించిందీ మూడూ ఉంటాయి. కాబట్టి ముక్క ముక్కకూ ఒకటే ప్రశ్న: "ఇది నీకెలా తెలిసింది? కంటికో చెవికో చేతికో తగిలిందా, ఎవరైనా చెప్పారా, నువ్వే అనుకున్నావా?"

పై వాక్యాన్నే తీసుకోండి. "ఎర్రటి రాయి" చూసింది. "వేల సంవత్సరాలు" విన్నది. "నది కోసింది" ఊహించింది. ఇక్కడ ఎవడో ఒకడు లేచి, "కనపడతాండాది గదా సార్, నది కోసిందని!" అంటాడు. కొట్టిపారేయకండి. "సరే, ఏం కనపడింది? దాన్ని మాత్రమే చెప్పప్పా" అనండి. బాగా చూసిన పిల్లలుంటే జవాబు వస్తుంది: రెండు వైపుల గోడల్లోనూ రాయి పొరలు పొరలుగా, దాదాపు అడ్డంగా ఉంది. ఇవతల గోడలో ఉన్న పొరలే అవతల గోడలోనూ కొనసాగుతున్నట్టు ఉన్నాయి.

ఇప్పుడు తర్వాతి ప్రశ్న: "ఈ పరిశీలనకు ఇంకో కారణం ఏదైనా సరిపోతుందా?" భూకంపం వచ్చి కొండ రెండుగా చీలిందని ఒకరు అంటారు. నిజానికి చీలినా రెండు వైపులా పొరలు అలాగే సరిపోతాయి. అంటే పొరలు చెప్పేది ఒకటే, ఈ రెండు గోడలూ ఒకప్పుడు కలిసి ఉండేవని. మధ్యలో రాయిని ఎవరు తీసేశారో అవి చెప్పవు. గోడలు కలిసి ఉండేవన్న ఊహకు ఆధారం ఉంది, నది కోసిందన్న ఊహకు ఇంకా లేదు. పీరియడ్‌లో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే.

ఇక చివరి ప్రశ్న: "ఈ రెండు కారణాల్లో ఏది నిజమో తేల్చాలంటే ఇంకా ఏం చూడాలి?" లోయలోకి దిగే చిన్న వంకలు కూడా తమ దారిలో రాయిని కోసుకుంటూ వచ్చాయా? అడుగున నీటి అంచున రాళ్లు నున్నగా అరిగి ఉన్నాయా? గోడల రాయి పగుళ్ల వెంట పెళ్లలుగా విరిగి పడుతోందా? పగుళ్లు ఉన్నంత మాత్రాన నది కోయలేదని కాదు, నీళ్లు పగులున్న చోటే సులువుగా కోస్తాయి. పైనుంచే చూసి వచ్చిన పిల్ల "మేము కిందికి దిగలేదు, కాబట్టి తేల్చలేము" అని రాస్తే ఆ జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వాలి.

అడుగున నీళ్లు నిండుగా, నెమ్మదిగా ఉన్నాయని చూసి "నది ఎప్పుడూ ఇలాగే ఉంటుంది" అని రాసేవాళ్లూ ఉంటారు. ఎగువన గండికోట ప్రాజెక్టు, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. నీటిమట్టం గేట్లను బట్టి కూడా మారుతుంది. ఆ ఒక్క రోజు చూసినదానికి "ఎప్పుడూ" అన్న మాట తగిలిస్తే పరిశీలన ఊహగా మారిపోతుంది.

ఒక మెట్టు ఊహ, రెండు మెట్ల ఊహ

రాతి పలక మీద అలల్లాంటి గీతలు చూసి ఒక అమ్మాయి "ఇక్కడ సముద్రం ఉండేది" అని రాసిందనుకోండి. ఇందులో రెండు మెట్లున్నాయి. ఈ రాయి ఒకప్పుడు ఇసుక, కదిలే నీళ్లు దాని మీద ఆ గీతలు వేశాయన్నది మొదటి మెట్టు. ఆ నీళ్లు సముద్రానివి అన్నది రెండో మెట్టు. చెరువు అంచున, ఏటి ఇసుకలో కూడా అలాంటి గీతలు పడతాయి. అప్పుడు అడగండి: "గీతకు రెండు వైపులా వాలు ఒకేలా ఉందా, ఒక వైపు నిటారుగా ఉందా?" రెండు వైపులా సమానంగా ఉంటే నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగి ఉండొచ్చు, ఒక వైపే నిటారుగా ఉంటే ఒకే దిక్కుకు పారి ఉండొచ్చు. వేలితో తడిమి చూడని పిల్లకు ఈ ప్రశ్నకు జవాబు తెలియదు. వచ్చేసారి తడుముతుంది. ఆ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్లకు పైబడిందన్నది మాత్రం చూసి తేల్చేది కాదు, "విన్నది" కింద రాయించండి.

కోటలో ధాన్యాగారం దగ్గరా ఇదే తంతు. "ఇక్కడ ధాన్యం దాచేవారు" అన్నది పరిశీలన కాదు, పిల్లల ఊహ కూడా కాదు, గైడ్ మాట. "ఆ మాట ఎవరూ చెప్పకపోతే ఈ గదిని చూసి ఏమనుకునేవాడివి?" అని అడగండి. గోడలు ఎంత మందం, వెలుతురు ఎటునుంచి వస్తోంది, పైకప్పు ఎలా ఉంది అన్నవి అప్పుడు గుర్తొస్తాయి. గుర్తురాకపోతే, చూడలేదన్నమాట.

"లేదు" అని రాసినప్పుడు

"అక్కడ పక్షులు లేవు" అన్న వాక్యం పరిశీలనలా కనిపిస్తుంది. ఎంతసేపు చూశారు, ఏ వేళలో, ఎంత గోల చేస్తూ అని అడిగితే అది "మధ్యాహ్నం అరగంటలో మాకు పక్షులు కనపడలేదు"గా మారుతుంది. అలా మార్చి రాయించడం చాలు.

మార్కులు

ఊహ రాసినందుకు మార్కు కోస్తే తర్వాతి రిపోర్టులో "రాయి ఉంది, నీళ్లు ఉన్నాయి, మేక ఉంది" అన్న జాబితా మిగులుతుంది. కొందరు తెలివిగా ప్రతి వాక్యానికీ ముందు "నేను అనుకుంటున్నాను" తగిలిస్తారు. రెండింటికీ మందు ఒకటే. పది మార్కుల్లో ముక్కలు సరిగా విడదీసినందుకు నాలుగు, ఏదైనా ఒక ఊహకు తను చూసిన ఆధారం చూపినందుకు మూడు, అదే ఆధారానికి సరిపోయే ఇంకో కారణం రాసినందుకు మూడు ఇవ్వండి. ఊహ నిజమా కాదా అన్నదానికి మార్కు పెట్టకండి. భూకంపం అన్నవాడు ముక్కలు సరిగా విడదీసి, పొరల సంగతి రాసి, నది పేరు కూడా ఎత్తి ఉంటే వాడికీ పదికి పది రావాలి.