సమీకరణాల్లో k ఉంటే: సాధన ఒక్కటా, అనంతమా, అసలు లేదా? ఎలా తేల్చాలి?

మూడు సమీకరణాలు, x, y, z అనే మూడు తెలియని రాశులు, మధ్యలో ఒక k. "k ఏ విలువలకు సాధన ఉండదు? ఎప్పుడు ఒక్కటే ఉంటుంది? ఎప్పుడు అనంతంగా ఉంటాయి?" అని అడుగుతారు. ఇంటర్‌లో మాత్రికల పాఠం చదివినవాళ్లకు ఇది బాగా తెలిసిన ప్రశ్నే. కూడికలు, తీసివేతలు తప్ప ఇందులో పెద్ద లెక్కేమీ లేదు. అయినా తప్పు పోతుందంటే, ఎక్కువగా ఒకే చోట పోతుంది: k ఉన్న రాశితో భాగించేటప్పుడు అది సున్నా అయ్యే అవకాశం ఉందా అని చూసుకోకపోవడం.

ఈ లెక్క తీసుకుందాం.

```
x + 2y +   z = 3    ...(1)
2x + 5y + kz = 8    ...(2)
x + ky + 10z = 9    ...(3)
```

k ని పరామితి అంటారు. మనం కనుక్కోవాల్సింది x, y, z లనే. k మాత్రం ఎవరో ఇచ్చే సంఖ్య. వాళ్లు ఏ సంఖ్య ఇచ్చినా మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి.

ముందు ఒక్క సమీకరణం చూడండి

మూడు సమీకరణాల లెక్క కూడా చివరికి ax = b అనే ఒక్క వరుస దగ్గరికే వస్తుంది. అందుకే దీన్ని ముందు గట్టిగా పట్టుకోవాలి. a సున్నా కాకపోతే x = b/a, ఒక్కటే సాధన. a సున్నా అయి b సున్నా కాకపోతే, ఉదాహరణకు 0·x = 7 అయితే, ఏ x పెట్టినా కుదరదు. రెండూ సున్నా అయితే 0·x = 0, ఏ x పెట్టినా కుదురుతుంది. ఇంతకు మించి నాలుగో దారి లేదు.

మొదటి మెట్టు: x ని తీసేయాలి

k లేని గుణకంతో మొదలుపెట్టడం మంచిది. (1)లో x గుణకం 1, కాబట్టి దాన్నే వాడదాం. (2) నుంచి (1)కి రెండు రెట్లు తీసేయండి. (3) నుంచి (1)ని తీసేయండి.

```
      y + (k−2)z = 2    ...(4)
(k−2)y +      9z = 6    ...(5)
```

రెండో మెట్టు: y ని తీసేయాలి, కానీ భాగించకుండా

ఇక్కడ చాలామంది (5)ని (k−2)తో భాగించేస్తారు. k = 2 అయితే అది సున్నాతో భాగించడమే. అది గుర్తొచ్చినవాళ్లలో కొందరు "k = 2 అయితే సాధన లేదు" అని రాసేస్తారు. అదీ తప్పే. k = 2 దగ్గర ఇబ్బంది మనం ఎంచుకున్న దారిలో ఉంది కానీ, లెక్కలో లేదు. కాసేపట్లో దాన్ని సరిచూద్దాం.

భాగించే బదులు (4)ని (k−2)తో గుణించి, (5) నుంచి తీసేయండి. ఈ పని k ఏదైనా చేయొచ్చు. ఎందుకంటే (4) చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది, కావాలంటే అదే మొత్తాన్ని మళ్లీ కలిపి పాత (5)ని తెచ్చుకోవచ్చు. అదే (5)నే (k−2)తో గుణించామనుకోండి, k = 2 దగ్గర ఆ సమీకరణం 0 = 0 అయిపోయి అందులోని సమాచారమంతా పోతుంది.

```
[9 − (k−2)²] z = 6 − 2(k−2)
(5−k)(k+1) z = 2(5−k)    ...(6)
```

ఎడమవైపున్నది 3² − (k−2)², అందుకే అంత తేలిగ్గా రెండు కారణాంకాలుగా విడిపోయింది. కుడివైపు 10 − 2k, అంటే 2(5−k).

మూడో మెట్టు: కొట్టేయకుండా ఆగాలి

(6)ని చూడగానే రెండు వైపులా ఉన్న (5−k)ని కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేస్తే z = 2/(k+1) వస్తుంది. ఇంటర్‌లో నేనూ ఇలాంటి చోటే కొట్టేశాను. పైగా సరిచూసుకున్నాను, సరిపోయింది, ధైర్యంగా పేపర్ ఇచ్చేశాను. సరిచూసినా తప్పు ఎందుకు దొరకలేదో కింద k = 5 దగ్గర తెలుస్తుంది.

కొట్టేయకుండా, z గుణకం ఎప్పుడు సున్నా అవుతుందో చూడండి: k = 5 అయినప్పుడు, k = −1 అయినప్పుడు. ఇక మూడు సందర్భాలు విడివిడిగా రాయాలి.

k ఆ రెండూ కాకపోతే భాగించడానికి అడ్డేమీ లేదు. z = 2/(k+1). దీన్ని (4)లో పెడితే y = 6/(k+1). (1)లో పెడితే x = (3k−11)/(k+1). ఒక్కటే సాధన. ఇప్పుడు ఇందాకటి k = 2 పెట్టి చూడండి: x = −5/3, y = 2, z = 2/3. (3)లో వేస్తే −5/3 + 4 + 20/3 = 9. చక్కగా సరిపోయింది, k = 2లో ప్రత్యేకమేమీ లేదు.

k = −1 అయితే (6) ఎడమవైపు 0·z, కుడివైపు 2 × 6 = 12. సున్నా పన్నెండు కాలేదు కాబట్టి సాధన లేదు. నమ్మకం కుదరకపోతే (4), (5)లలో k = −1 పెట్టండి. y − 3z = 2, −3y + 9z = 6 వస్తాయి. మొదటిదాన్ని −3తో గుణిస్తే −3y + 9z = −6. అదే రాశి ఒకచోట 6, ఇంకోచోట −6 అంటోంది.

k = 5 అయితే (6) అంటే 0·z = 0. z ఏదైనా కావచ్చు, దాన్ని t అనుకుందాం. (4) నుంచి y = 2 − 3t, (1) నుంచి x = −1 + 5t. t మారుస్తూ పోతే అనంతమైన సాధనలు. t = 0 అయితే (−1, 2, 0), t = 1 అయితే (4, −1, 1). రెండింటినీ అసలు సమీకరణాల్లో వేసి చూడండి, మూడింటికీ సరిపోతాయి. ఇలా రెండు t విలువలు పెట్టి చూస్తే ఫార్ములా సరిగ్గా ఉందని తేలిపోతుంది, ఎందుకంటే t మొదటి ఘాతంలోనే ఉంది.

ఇప్పుడు కొట్టేసిన ఫార్ములాలో k = 5 పెట్టండి: x = 2/3, y = 1, z = 1/3. ఇది తప్పు సాధన కాదు! t = 1/3 పెడితే వచ్చేది ఇదే. సమీకరణాల్లో వేస్తే సరిపోతుంది కూడా. పోయింది మిగతా సాధనలన్నీ. సరిచూడడం వల్ల మన దగ్గరున్నది నిజమని తెలుస్తుంది, కానీ ఇంకేమైనా మిగిలిపోయాయా అన్నది తెలియదు. అందుకే ఈ పొరపాటును కొట్టేసే ముందే పట్టుకోవాలి.

నిర్ధారకంతో చేస్తే

గుణకాల నిర్ధారకం కడితే (5−k)(k+1) వస్తుంది, అంటే (6)లో z గుణకమే. నిర్ధారకం సున్నా కాకపోతే సాధన ఒక్కటే అని ధైర్యంగా రాయొచ్చు. సున్నా అయితే మాత్రం అది అక్కడితో ఆగిపోతుంది. 5కీ −1కీ తేడా దానికి తెలియదు, ఆ తేడా కుడివైపు సంఖ్యల్లో ఉంది.

క్రేమర్ పద్ధతిలో Δ, Δ₁, Δ₂, Δ₃ నాలుగూ సున్నా అయితే అనంత సాధనలు అని రాసేవాళ్లున్నారు. రెండు తెలియని రాశులుండి, ప్రతి సమీకరణంలోనూ కనీసం ఒక గుణకం సున్నా కానప్పుడు ఆ మాట నిలుస్తుంది. మూడు రాశులకు నిలవదు. x + y + z = 1, x + y + z = 2, x + y + z = 3 తీసుకోండి. నాలుగు నిర్ధారకాలూ సున్నాయే. కానీ ఒకే మొత్తం ఒకేసారి 1, 2, 3 ఎలా అవుతుంది? కాబట్టి Δ = 0 వచ్చిన ప్రతి k విలువనూ తిరిగి సమీకరణాల్లో పెట్టి, ఒక్కో రాశినీ తీసేసుకుంటూ వెళ్లి, ఎడమవైపు సున్నా అయిన ప్రతి వరుసలో కుడివైపు ఏం మిగిలిందో చూడాలి.