ఆప్టిట్యూడ్, జీడీ రౌండ్లు: డ్రైవ్‌కి ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

క్యాంపస్ డ్రైవ్‌కి వారం, పది రోజులే ఉందంటే ఇప్పుడు కొత్త చాప్టర్లు మొదలుపెట్టకండి. ఆప్టిట్యూడ్, గ్రూప్ డిస్కషన్ రౌండ్లు పెట్టేది వచ్చిన వందల మందిలోంచి ఇంటర్వ్యూ చేయగలిగినంత మందిని మిగుల్చుకోవడానికి. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోవడానికి ఎక్కువగా కారణం టైమ్ తప్పు చోట ఖర్చుపెట్టడం. అది ఈ పది రోజుల్లో సరిచేసుకోవచ్చు.

ముందు ఆప్టిట్యూడ్. స్క్రీన్ మీద వచ్చే ఇన్‌స్ట్రక్షన్స్ పేజీని చాలామంది చదవకుండానే స్టార్ట్ నొక్కేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. నెగటివ్ మార్కులు ఉన్నాయా, ఒక్కో సెక్షన్‌కి వేరే టైమర్ ఉందా, వదిలేసిన ప్రశ్నకి మళ్లీ వెనక్కి రావచ్చా, ఈ మూడూ అక్కడే రాసి ఉంటాయి. ఎలా రాయాలన్నది ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది.

నెగటివ్ మార్కులు లేకపోతే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు, ఆఖరి నిమిషంలో మిగిలినవన్నీ గుడ్డిగా అయినా నింపేయండి. ఉంటే చిన్న లెక్క వేసుకోవాలి. నాలుగు ఆప్షన్లు, తప్పుకి మూడో వంతు మార్కు కోత అనుకుందాం. గుడ్డిగా నాలుగు పెడితే సగటున ఒకటి రైటు, మూడు తప్పు, వచ్చిన ఒక మార్కు కోతల్లోనే పోతుంది, అంటే లాభం సున్నా. అదే రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తేలిపోయాక మిగతా రెండిట్లో ఒకటి పెడితే, సగటున ఒక్కో ప్రశ్నకి మూడో వంతు మార్కు మిగులుతుంది. కాబట్టి ఏమీ తెలియనిది వదిలేయండి, సగం తెలిసినది పెట్టేయండి. పావు మార్కే కోత అయితే గుడ్డిగా పెట్టినా చాలా కొద్దిగా లాభమే, కానీ అదృష్టం మీద ఆధారపడేంత కొద్ది.

ఇంకోటి, సెక్షనల్ కటాఫ్. చాలా కంపెనీలు దీన్ని ముందుగా చెప్పవు. ప్రతి సెక్షన్‌లో 20కి కనీసం 8 రావాలని పెట్టుకున్నారనుకోండి, క్వాంట్‌లో 17, వెర్బల్‌లో 6 తెచ్చుకున్నవాళ్లు మొత్తం 23 వచ్చినా బయటికే, రెండిట్లో 11 చొప్పున 22 వచ్చినవాళ్లు లోపలికి. అందుకే ఇప్పుడు మీకున్న రోజుల్లో ఎక్కువ భాగం మీ బలహీనమైన సెక్షన్‌కే ఇవ్వాలి. మనకి వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేస్తుంటే హాయిగా ఉంటుంది కానీ మార్కులు పెరగవు.

లెక్కల్లో షార్ట్‌కట్లు బట్టీ పట్టడం కంటే భిన్నాలు తప్పించే అలవాటు ఎక్కువ టైమ్ మిగులుస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. ఒక పనిని ఎ 12 రోజుల్లో, బి 18 రోజుల్లో చేస్తారు, ఇద్దరూ కలిసి 4 రోజులు చేశాక ఎ వెళ్లిపోతే, మిగతాది పూర్తిచేయడానికి బికి ఎన్ని రోజులు? 12, 18ల క.సా.గు. 36, మొత్తం పనిని 36 యూనిట్లు అనుకోండి. ఎ రోజుకి 3, బి రోజుకి 2, కలిసి 5. నాలుగు రోజుల్లో 20 అయిపోయాయి, మిగిలినవి 16, బి రోజుకి 2 చేస్తే 8 రోజులు. అరనిమిషం పని. కానీ ప్రశ్నలో "మొత్తం ఎన్ని రోజులు" అని ఉంటే జవాబు 12, ఆప్షన్లలో 8, 12 రెండూ ఉంటాయి. తెలిసిన లెక్కలో మార్కు పోయేది ఇక్కడే, అందుకే జవాబు నొక్కే ముందు ప్రశ్నలో చివరి వాక్యం మళ్లీ చదవండి.

20 ప్రశ్నలకి 25 నిమిషాలిస్తే ఒక్కోదానికి 75 సెకన్లు. వెనక్కి రావచ్చంటే, చదవగానే దారి కనిపించినవి మొదటి రౌండ్‌లో చేసేసి మిగతావి తర్వాతకి ఉంచండి. రానివ్వరంటే మాత్రం ఒక్కోదానికి ఒక హద్దు పెట్టుకోండి, నిమిషంన్నర దాటితే ఎంత దగ్గరికి వచ్చామనిపించినా ముందుకెళ్లాలి. సీటింగ్ అరేంజ్‌మెంట్ లాంటి పజిల్ విషయం వేరు, ఒక్క బొమ్మ కుదిరితే నాలుగైదు ప్రశ్నలు వరసగా వచ్చేస్తాయి కాబట్టి దానికి కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వొచ్చు. కానీ రెండు నిమిషాలకి కూడా ఒక్కరి స్థానమూ ఖాయం కాకపోతే వదిలేయండి.

రోజూ టైమర్ పెట్టి ఒక మాక్ రాయండి, రాసినంత సేపూ తప్పులు చూసుకోవడానికి కూడా పెట్టండి. ప్రతి తప్పు పక్కన తెలియదు, లేట్ అయింది, సరిగ్గా చదవలేదు, ఈ మూడిట్లో ఏదో రాసుకుంటే, మూడు నాలుగు మాక్‌లకే మీ జబ్బేంటో బయటపడుతుంది.

ఇక జీడీ. పదిమంది, పన్నెండు నిమిషాలు అనుకుంటే సమానంగా పంచినా ఒక్కొక్కరికి వచ్చేది 72 సెకన్లు. అంటే ఇరవై ముప్పై సెకన్ల చొప్పున మూడుసార్లు మాట్లాడితే మీ వాటా అయిపోయినట్టే. ప్యానెల్ వాళ్లు మామూలుగా చూసేవి విషయం ఉందా, స్పష్టంగా చెబుతున్నారా, ఎదుటివాళ్లు చెప్పింది వింటున్నారా, గ్రూప్‌ని ముందుకి తీసుకెళ్తున్నారా అనేవే. గొంతు పెద్దదైతే మార్కులు పడతాయన్న భ్రమ వదిలేయండి. ఇంగ్లిష్‌లో చిన్న చిన్న గ్రామర్ తప్పులకి ఎవరూ తీసేయరు, పొడుగు వాక్యం మొదలుపెట్టి మధ్యలో దారి తప్పితేనే ఇబ్బంది, అందుకని చిన్న వాక్యాలు.

టాపిక్ "ఇంటి నుంచి పని చేయడం మంచిదా" అని ఇచ్చారనుకోండి. రెండు నిమిషాలు ఆలోచించుకోమంటే పాయింట్ల కోసం వెతక్కండి, ఇది ఎవరెవరికి తగులుతుందో కాగితం మీద రాయండి: ఉద్యోగి, కొత్తగా చేరినవాళ్లు, మేనేజర్, కస్టమర్. ఒక్కొక్కరి వైపు నుంచి ఒక్కో మాట దానంతటదే వస్తుంది. డిస్కషన్ మొదలయ్యాక నాలుగో నిమిషానికల్లా అందరూ ప్రయాణం టైమ్ మిగులుతుందన్న ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంటారు. అప్పుడు ఒకరు ఇలా అన్నారనుకోండి: "ఇప్పటిదాకా అనుభవం ఉన్నవాళ్ల గురించే మాట్లాడాం. కొత్తగా చేరినవాళ్లు పక్కవాళ్లని అడుగుతూ నేర్చుకుంటారు, వాళ్లకి ఇల్లు మంచిదేనా?" పదిహేను సెకన్లు కూడా పట్టలేదు, కానీ అందరి మాటా విన్నట్టు తెలిసింది, చర్చకి కొత్త దారి దొరికింది. ఇలాంటిది ఒక్కటి, అరిచి చెప్పిన ఐదు మాటల కంటే ప్యానెల్ దృష్టిలో ఎక్కువ.

మొదట మాట్లాడాలన్న తొందర ఉంటే చెప్పడానికి విషయం ఉందో లేదో చూసుకోండి, టాపిక్‌కి నిర్వచనం చెప్పి ఆగిపోతే లాభం లేదు. అలాగని మరీ ఆగకండి, మొదటి మూడు నాలుగు నిమిషాల్లో నోరు విప్పకపోతే తర్వాత లోపలికి దూరడం కష్టమవుతుంది, టెన్షన్ కూడా పెరుగుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, ఎవరో వాక్యం ముగించిన క్షణంలో వాళ్ల పాయింట్‌నే పట్టుకుని మొదలుపెట్టండి, అప్పుడు అడ్డుపడ్డట్టు ఉండదు. ప్యానెల్ వైపు చూస్తూ మాట్లాడకండి, గ్రూప్ వైపు చూడండి. నోటికొచ్చిన శాతాలు చెప్పకండి, ఎక్కడ చదివావని ఒకరు అడిగితే తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మరు. చివర్లో సమ్మరీ మిమ్మల్నే అడగొచ్చు, కాబట్టి పాయింట్లు రెండేసి మాటల్లో రాసుకుంటూ ఉండండి. సమ్మరీలో రెండు వైపులవీ చెప్పాలి, మీ కొత్త వాదన అందులో పెట్టకూడదు.

దీనికి ప్రాక్టీస్ ఒంటరిగా కుదరదు. ఆరుగురు ఫ్రెండ్స్ కూర్చుని పన్నెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేయండి, తర్వాత అందరూ కలిసి వినండి. ఎవరు ఎన్నిసార్లు మధ్యలో కోశారో, ఎవరు చెప్పిందే చెప్పారో అక్కడ దాచలేరు.

టెస్ట్ ఆన్‌లైన్ అయితే ముందు రోజే కెమెరా, మైక్, నెట్ చూసుకుని, అప్‌డేట్లూ నోటిఫికేషన్లూ ఆపేయండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అలా పైకి వచ్చే చిన్న విండో కూడా స్క్రీన్ మార్చినట్టు నమోదవుతుంది. ఒకవేళ మధ్యలో ఆగిపోతే వెంటనే స్క్రీన్ ఫోటో తీయబోకండి, ఫోన్ చేతిలో కనబడితే అదే కాపీ కింద లెక్క కావచ్చు. హెల్ప్ చాట్‌కో, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కో ఎలా చెప్పాలో ముందే కనుక్కుని, ఆ నంబర్ కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.