వానలకు ముందు కొబ్బరి చెట్టు ఫోటోలు: కాయను చూసి చెట్టు సంగతి తేల్చకండి

ఈమధ్య ఒక తోటాయన తన కొబ్బరి చెట్టు ఫోటోలు నాలుగు పంపారు. మూడింటిలో కాయలే. ముచ్చిక కింద గోధుమ రంగు మచ్చలు, నిలువు పగుళ్లు. అది నల్లి, అనుమానం లేదు. ఆయనా అదే అనుకుని వేపనూనె కొట్టించి ఊరుకున్నారు. నాలుగోది చెట్టు మొదట్లో నిలబడి పైకి తీసిన ఫోటో. ఆకాశం వెలుతురుకి తల అంతా నల్లగా పడింది. వెలుగు పెంచి చూస్తే నడిమి మొవ్వాకు రంగు చచ్చి, ఒక పక్కకి వాలి ఉంది. ఆ ఫోటో తీసి అప్పటికే నెల దాటింది. ఇప్పుడు మొవ్వు ఊడిపోయింది, పక్క చెట్టుకీ మొదలైంది.

మొవ్వుకుళ్లు నడిమి లేత ఆకుతో మొదలవుతుంది. కింది మట్టలు ఆ తర్వాత కూడా నెలల తరబడి పచ్చగానే ఉంటాయి, ముదిరిన కాయలు ముదురుతూనే ఉంటాయి. అందుకే కాయల ఫోటో చూసి "చెట్టు బాగుంది" అనుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. కాయను చూసి చెట్టు సంగతి తేల్చకండి.

మొవ్వు ఫోటో

చెట్టు కింద నిలబడి తీయకండి. చెట్టు ఎత్తంత దూరం జరిగి, ఎండ మీ వీపున ఉండేలా నిలబడి, జూమ్ చేసి, ఫోన్ తెర మీద మొవ్వు దగ్గరే వేలితో నొక్కి తీయండి. అప్పుడు వెలుగు మొవ్వుకి సరిపోతుంది. రెండు వైపుల నుంచి తీయండి. వీలైతే పక్కనున్న ఆరోగ్యమైన చెట్టు మొవ్వు కూడా అదే ఫోటోలో పడేలా చూడండి.

లేత మొవ్వాకు మామూలుగానే లేత పసుపుపచ్చగా ఉంటుంది. ఆ రంగు చూసి టెన్షన్ పడొద్దు. రంగు మాసి గోధుమకి తిరగడం, వాడిపోవడం, వాలడం, వీటికి భయపడాలి. ఆకులు కత్తెరతో వాటంగా కోసినట్టు కనిపిస్తే అది కొమ్ము పురుగు పని. అయితే పురుగు చేసిన గాయంలోనూ కుళ్లు చేరవచ్చు కాబట్టి అక్కడితో ఆగకండి.

ఫోటోకి వాసన రాదు. అనుమానం ఉంటే చెట్టెక్కే మనిషి చేత మొవ్వాకుని మెల్లగా లాగించండి. మొదలు కుళ్లి, దుర్వాసనతో సులువుగా ఊడి వస్తే మొవ్వుకుళ్లే.

కాయల ఫోటో

నల్లి 2 నుంచి 5 నెలల పిందెల్లో ముచ్చిక రేకుల కింద ఎక్కువగా ఉంటుంది. మొదట రేకు అంచున పాలిపోయిన ముక్కోణపు మచ్చ కనిపిస్తుంది, తర్వాత అదే గోధుమ రంగుకి తిరిగి, గరుకై, పగులుతుంది. పెద్ద కాయ మీది మచ్చ పాత గాయం. నల్లి ఇప్పుడు ఉందా అన్నది తెలియాలంటే పిందెల్ని దగ్గరగా తీయాలి.

ఈ మచ్చల్ని ముదురు అనుకుని దింపేయడం ఇంకో పొరపాటు. ముదురు చూడాలంటే రంగుని వదిలి గెలలు లెక్కపెట్టండి. బాగా కాసే చెట్టుకి సుమారు నెలకొక గెల వస్తుంది. కొత్తగా విచ్చిన పొత్తు నుంచి కిందికి లెక్కిస్తే ఏడో గెల దగ్గర బొండాలు, పదకొండు, పన్నెండు దగ్గర ముదురు కాయలు. గెలలు చుట్టూ ఉంటాయి కాబట్టి ఒక్క ఫోటోలో లెక్క కుదరదు. ఒక కాయ దింపించి ఊపండి, ముదిరినదైతే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తుంది.

వానలు పడక ముందే

కుళ్లిన భాగమంతా ఆరోగ్యమైన తెల్లటి కణజాలం వచ్చేదాకా కోసేయండి. సగం వదిలితే కోసినట్టే కాదు.

కోసిన చోట 10 శాతం బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో వేరువేరుగా కలిపి, రెండూ కలపండి. ఇనుప పాత్ర వద్దు. మెరిసే కత్తి ముంచి తీస్తే ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదు, ఇంకొంచెం వేయండి.

పైన వాన దిగకుండా కప్పండి. కొత్త ఆకు వచ్చేదాకా తీయకండి.

చుట్టుపక్కల చెట్ల మొవ్వులకి 1 శాతం బోర్డో మిశ్రమం వానలకు ముందే కొట్టించండి.

కోసిన కుళ్లు ముక్కలు తోటలో పడేయకండి. కాల్చేయండి.

తడిసిన చెట్టు ఎక్కించకండి. కరెంటు తీగల దగ్గర ఇనుప గడతో ఫోటోకి ప్రయత్నించకండి.

మొవ్వు కనబడని ఫోటో చూసి ఏ మందూ కొట్టించకండి.

వానలున్నన్నాళ్లూ వారానికోసారి అదే చోట నిలబడి మొవ్వు తీసి, పోయిన వారం ఫోటోతో పక్కపక్కన పెట్టి చూడండి. వాలిందనిపించిన రోజే మనిషిని ఎక్కించండి, మర్నాటికి వాయిదా వేయకండి.