షేర్లు అమ్మగా వచ్చిన డబ్బును బ్యాలెన్స్ షీట్ దాకా ఎలా తీసుకెళ్లాలి?

ఒక కంపెనీ రూ.10 షేరును రూ.15కు అమ్మింది. వచ్చిన పదిహేనూ బ్యాంకులోనే పడ్డాయి. అయినా బ్యాలెన్స్ షీట్‌లో "వాటా మూలధనం" అన్న చోట పది రూపాయలే కనిపిస్తాయి. మిగతా ఐదు ఇంకో చోట ఉంటాయి. ఎందుకలా? పైగా ఆ డబ్బు విడతలుగా వస్తే, చివరి విడత ఎవరో ఒకరు ఎగ్గొడితే ఏం రాయాలి? ఒకే ఒక్క జారీని దరఖాస్తు నుంచి బ్యాలెన్స్ షీట్ వరకు వెంబడిస్తే ఈ లెక్కంతా తెలిసిపోతుంది. అంకెలు నేను కల్పించినవి, నియమాలు మాత్రం మన కంపెనీల చట్టం, 2013లోవి.

ముందుగా ముఖ విలువ చూడండి

షేరు మీద రాసి ఉండే విలువే ముఖ విలువ. సాధారణంగా అది రూ.10, 5, 2 లేదా 1 ఉంటుంది. ముఖ విలువకే షేరు జారీ చేస్తే సమమూల్యానికి జారీ చేసినట్టు. అంతకంటే ఎక్కువకైతే ప్రీమియంకు, తక్కువకైతే డిస్కౌంట్‌కు జారీ చేసినట్టు.

ఇక్కడే చాలామంది తడబడతారు. పోలిక ఎప్పుడూ ముఖ విలువతోనే, మార్కెట్ ధరతో కాదు. మార్కెట్‌లో రూ.400 పలుకుతున్న షేరును పాత వాటాదారులకు రూ.350కి ఇస్తే, జనం భాషలో అది డిస్కౌంటే. కానీ దాని ముఖ విలువ రూ.10 అయితే లెక్కల్లో అది రూ.340 ప్రీమియంతో చేసిన జారీ.

మన ఉదాహరణ ఇది. కంపెనీ అధీకృత మూలధనం లక్ష షేర్లు, ఒక్కోటి రూ.10. అంటే కంపెనీ రాజ్యాంగం లాంటి మెమొరాండం ప్రకారం అంతవరకు షేర్లు జారీ చేయవచ్చు. అందులోంచి ఇప్పుడు 40,000 షేర్లను రూ.5 ప్రీమియంతో, అంటే రూ.15 చొప్పున జారీ చేస్తోంది. దరఖాస్తుతో రూ.4, కేటాయింపు సమయంలో రూ.7 (ఇందులో రూ.5 ప్రీమియం), చివరి కాల్‌లో రూ.4 కట్టాలి. కాల్ అంటే మిగిలిన విడత కట్టమని కంపెనీ వాటాదారులను అడగడం. సరిగ్గా 40,000 షేర్లకే దరఖాస్తులు వచ్చాయనుకుందాం.

లెక్క మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక చిన్న పని చేయండి. ప్రతి విడతలో మూలధనం ఎంత, ప్రీమియం ఎంత అని విడదీసి రాసుకోండి. దరఖాస్తు రూ.4 మొత్తం మూలధనమే. కేటాయింపు రూ.7లో మూలధనం 2, ప్రీమియం 5. కాల్ రూ.4 మూలధనమే. మూలధనం కలిపితే 4+2+4, అంటే 10. ముఖ విలువతో సరిపోయింది. ఇది సరిపోకపోతే తర్వాత చేసేదేదీ సరిపోదు.

దరఖాస్తు డబ్బు వచ్చినప్పుడు

40,000 షేర్లకు రూ.4 చొప్పున రూ.1,60,000 వచ్చింది. బ్యాంక్ ఖాతాకు డెబిట్, వాటా దరఖాస్తు ఖాతాకు క్రెడిట్. ఇది ఇంకా మూలధనం కాదు. షేర్లు కేటాయించేదాకా దరఖాస్తు పెట్టినవాళ్లు వాటాదారులు కారు, వాళ్ల డబ్బు తిరిగి ఇవ్వాల్సి కూడా రావచ్చు. కేటాయింపు జరగకముందే మార్చి 31 వచ్చేస్తే, బ్యాలెన్స్ షీట్‌లో ఈ మొత్తాన్ని మూలధనంలో కలపకూడదు. "కేటాయింపు పెండింగ్‌లో ఉన్న దరఖాస్తు సొమ్ము" అని విడిగా చూపాలి.

కేటాయించిన రోజున దరఖాస్తు ఖాతాలోని రూ.1,60,000ను వాటా మూలధన ఖాతాకు మార్చాలి. దరఖాస్తు ఖాతా డెబిట్, మూలధనం క్రెడిట్.

కేటాయింపు డబ్బు అడిగినప్పుడు

ఇప్పుడు రావాల్సింది రూ.7 చొప్పున రూ.2,80,000. వాటా కేటాయింపు ఖాతాకు ఆ మొత్తం డెబిట్ చేయండి. క్రెడిట్ రెండు చోట్లకు వెళ్తుంది. వాటా మూలధనానికి రూ.80,000, సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాకు రూ.2,00,000. డబ్బు వచ్చాక బ్యాంక్ డెబిట్, కేటాయింపు ఖాతా క్రెడిట్.

నేను ఆడిట్ నేర్చుకుంటున్న రోజుల్లో ఒక చిన్న కంపెనీ పుస్తకాల్లో ఈ ప్రీమియం మొత్తం "ఇతర ఆదాయం"లో కనిపించింది. ఆ ఏడాది లాభం చూసి యజమాని తెగ సంబరపడుతున్నాడు. ఆ సంబరం దించడం ఇబ్బందిగానే అనిపించింది, కానీ అది లాభం కానే కాదు. కంపెనీ వస్తువు అమ్మలేదు, సేవ చేయలేదు. సొంతదారులు పెట్టిన పెట్టుబడిలోనే అదొక భాగం. అందుకే చట్టంలోని 52వ సెక్షన్ దానికి విడిగా ఖాతా ఉండాలంటుంది, ఏ పనులకు వాడవచ్చో కూడా చెబుతుంది. బోనస్ షేర్లు ఇవ్వడం, షేర్ల జారీ ఖర్చులను రద్దు చేయడం, సొంత షేర్లను తిరిగి కొనడం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. దాంట్లోంచి డివిడెండ్ పంచడానికి మాత్రం వీల్లేదు.

చివరి కాల్, ఎగ్గొట్టిన వాటాదారు

చివరి కాల్ రూ.4 చొప్పున రూ.1,60,000 రావాలి. కాల్ ఖాతా డెబిట్, మూలధనం క్రెడిట్. మొత్తం అడిగిన మూలధనం రూ.4,00,000 అయింది. కానీ 500 షేర్లున్న ఒకాయన కట్టలేదు. వచ్చింది రూ.1,58,000, బకాయి రూ.2,000. ఆ రెండు వేలను "కాల్ బకాయిలు" ఖాతాకు డెబిట్ చేసి, కాల్ ఖాతాను సున్నాకు తేవాలి.

బ్యాంకులో ఇప్పుడెంత ఉంది? 1,60,000 + 2,80,000 + 1,58,000, అంటే రూ.5,98,000. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, బ్యాలెన్స్ షీట్‌ను దీంతోనే పరీక్షిస్తాం.

బ్యాలెన్స్ షీట్‌లో ఎలా రాయాలి

చట్టంలోని మూడో షెడ్యూల్ ప్రకారం బ్యాలెన్స్ షీట్ ముఖం మీద "వాటా మూలధనం" అన్న ఒక్క వరుసే ఉంటుంది, పక్కన నోట్ నంబరు. అసలు కథ ఆ నోట్‌లో నడుస్తుంది. మన కంపెనీ నోట్ ఇలా ఉండాలి:

అధీకృత మూలధనం: 1,00,000 షేర్లు, ఒక్కోటి రూ.10 = రూ.10,00,000
జారీ చేసిన మూలధనం: 40,000 షేర్లు = రూ.4,00,000
చందా అయి, పూర్తిగా చెల్లించినవి: 39,500 షేర్లు = రూ.3,95,000
చందా అయి, పూర్తిగా చెల్లించనివి: 500 షేర్లు = రూ.5,000, తీసివేత కాల్ బకాయిలు రూ.2,000 = రూ.3,000
మొత్తం: రూ.3,98,000

చందా అయినవంటే వాటాదారులు తీసుకున్న షేర్లు. మొదటి రెండు వరుసలు సమాచారం కోసమే, కూడికలోకి రావు. అధీకృత మూలధనం పది లక్షలు కనిపించగానే "ఈ కంపెనీలో పది లక్షల పెట్టుబడి ఉంది" అనుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. వచ్చిన డబ్బు గురించి అది ఏమీ చెప్పదు.

బకాయిని ఆస్తుల వైపు "రావాల్సినవి"లో రాయాలని చాలామందికి అనిపిస్తుంది. రాయకూడదు. మూలధనంలోంచే తీసివేయాలి.

సెక్యూరిటీస్ ప్రీమియం రూ.2,00,000 ఈ నోట్‌లో రాదు. దాని తర్వాతి వరుస "రిజర్వులు, మిగులు" కింద వస్తుంది. 3,98,000కు 2,00,000 కలిపితే 5,98,000, బ్యాంకులో ఉన్నదీ అంతే. మీ లెక్కలో ఈ రెండూ కలవకపోతే, తేడా రూ.2,000 ఉందేమో చూడండి. ఉంటే బకాయి తీసివేయడం మర్చిపోయారు. రూ.2,00,000 ఉంటే ప్రీమియాన్ని ఎక్కడో రెండుసార్లు రాశారు, లేదా అసలు రాయనేలేదు.

మరి డిస్కౌంట్ సంగతి?

పాత పాఠ్యపుస్తకాల్లో "రూ.10 షేరును రూ.9కి జారీ చేసింది" అనే లెక్కలు ఇంకా కనిపిస్తుంటాయి. 1956 చట్టం కొన్ని షరతులతో దాన్ని ఒప్పుకునేది. 2013 చట్టం 53వ సెక్షన్ ఒప్పుకోదు. ముఖ విలువ కంటే తక్కువకు జారీ చేస్తే ఆ జారీయే చెల్లదు. వచ్చిన డబ్బును ఏడాదికి 12 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వాలి, పైగా జరిమానా. కారణం అప్పులిచ్చినవాళ్లు. నోట్‌లో ఒక్కో షేరుకు పది రూపాయలు వచ్చాయని ఉంటే, వాళ్లు దాన్ని నమ్మి అప్పిస్తారు. నిజానికి వచ్చింది తొమ్మిదే అయితే వాళ్లను మోసం చేసినట్టే. ఉద్యోగులకూ డైరెక్టర్లకూ వాళ్ల నైపుణ్యానికి ప్రతిఫలంగా ఇచ్చే స్వెట్ ఈక్విటీ షేర్ల వంటి కొద్ది మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

అయితే తక్కువ ధర మాట ఇంకో దారిలో వస్తుంది. మన 500 షేర్ల బకాయిదారు సంగతే తీసుకోండి. నియమావళి ప్రకారం నోటీసు ఇచ్చినా ఆయన కట్టకపోతే కంపెనీ ఆ షేర్లను జప్తు చేయవచ్చు. అప్పుడు వాటా మూలధనం రూ.5,000 డెబిట్, కాల్ బకాయిలు రూ.2,000 క్రెడిట్, షేర్ల జప్తు ఖాతా రూ.3,000 క్రెడిట్. ప్రీమియం ఆయన ముందే కట్టేశాడు కాబట్టి సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా జోలికి వెళ్లొద్దు. ఒకవేళ ప్రీమియమే బకాయి ఉంటే, అప్పుడు ఆ ఖాతాను కూడా అంతమేరకు డెబిట్ చేయాలి.

ఈ షేర్లను ఇప్పుడు ఇంకొకరికి రూ.8 చొప్పున, పూర్తిగా చెల్లించినవిగా ఇవ్వవచ్చు. 53వ సెక్షన్ దీనికి అడ్డు రాదు, ఎందుకంటే ఇది కొత్త జారీ కాదు, పైగా మొదటి వాటాదారు కట్టిన రూ.6 కంపెనీ దగ్గరే ఉంది. తగ్గింపుకు హద్దు కూడా ఆ ఆరు రూపాయలే. అంటే రూ.4 కంటే తక్కువకు ఇవ్వకూడదు. ఆరు, నాలుగు కలిస్తే పది, ముఖ విలువ నిండింది.

పుస్తకంలో బ్యాంక్ రూ.4,000 డెబిట్, షేర్ల జప్తు రూ.1,000 డెబిట్, వాటా మూలధనం రూ.5,000 క్రెడిట్. జప్తు ఖాతాలో ఇంకా మిగిలిన రూ.2,000 మూలధన రిజర్వుకు మార్చాలి. అదీ లాభనష్టాల ఖాతాకు పోకూడదు.

ఇప్పుడు నోట్‌లో 40,000 షేర్లూ పూర్తిగా చెల్లించినవే, రూ.4,00,000. రిజర్వుల కింద ప్రీమియం రూ.2,00,000, మూలధన రిజర్వు రూ.2,000. మొత్తం రూ.6,02,000. బ్యాంకులో 5,98,000కు కొత్తగా 4,000 చేరి అదే అంకె కనిపించాలి. జప్తు చేసి తిరిగి ఇవ్వకముందే సంవత్సరం ముగిసిపోతే, మూలధనం 39,500 షేర్లకు రూ.3,95,000 రాసి, దాని కిందే జప్తు ఖాతా రూ.3,000 కలపండి. మొత్తం మళ్లీ రూ.3,98,000 వస్తుంది.