నైట్ షిఫ్ట్‌లో ఒంటిగంటన్నరకి ఈ ఒక్క మెసేజ్ పెట్టండి

బెంగళూరులో కూర్చుని న్యూయార్క్ క్లయింట్‌కి సపోర్ట్ చేసేవాళ్ళకి ఒక మాట. వేసవిలో మనం వాళ్ళకంటే తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం కాబట్టి వాళ్ళ సాయంత్రం 5 అంటే మనకి రాత్రి రెండున్నర, అంటే వాళ్ళు ఇంటికెళ్ళే హడావిడిలో పనులన్నీ మన మీద పడేసే టైమూ, మన బుర్ర మొద్దుబారే టైమూ దాదాపు ఒకటే.

ఒకసారి 2:50కి వచ్చిన టికెట్ చూసి టెస్ట్ సర్వర్ బదులు పక్కనున్న లైవ్ సర్వర్ రీస్టార్ట్ చేశాను. పేర్లలో తేడా ఒక్క అంకె, కళ్ళు చదివాయి కానీ బుర్రకెక్కలేదు.

అప్పటినుంచి ఒంటిగంటన్నరకే, అంటే వాళ్ళకి 4 గంటలకి, "ఈరోజే కావాల్సినవి ఏమున్నాయి?" అని అడుగుతున్నాను. లైవ్‌లో మార్పులు రెండున్నరలోపే. ఆ తర్వాత రిపోర్టులు, టికెట్ అప్‌డేట్లు మాత్రమే. తప్పనిసరైతే సర్వర్ పేరు పక్కవాళ్ళకి పైకి చదివి వినిపించాకే ఎంటర్ నొక్కుతాను.

మధ్యలో పని వదిలితే టికెట్‌లో తర్వాతి స్టెప్ ఒక్క లైన్ రాయండి, తిరిగొచ్చాక మళ్ళీ మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు. చివరి కాఫీ పన్నెండున్నరకే, లేకపోతే పొద్దున్న ఇంటికెళ్ళాక నిద్ర పట్టదు.

నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళ గడియారం మారుతుంది, అప్పుడు ఈ టైములన్నీ ఒక గంట ఆలస్యంగా పెట్టుకోండి, అంటే ఒంటిగంటన్నర మెసేజ్ రెండున్నరకి.